దుబాయ్‌కి తొలి పచ్చళ్ళ షిప్‌మెంట్: లేబుల్, సీసా, హెల్త్ సర్టిఫికెట్ ఏ వరసలో చేసుకోవాలి

ప్రశ్న: మాది విజయవాడ. అమ్మా నేనూ పటమటలో పచ్చళ్ళు, కారాలు చేసి అమ్ముతాం. దుబాయ్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ 300 గ్రాముల సీసాల్లో ఆవకాయ 600, గోంగూర 360, వాటితోపాటు 100 కిలోల మిరప్పొడి అడిగారు. హెల్త్ సర్టిఫికెట్ ఉండాలి, అరబిక్ లేబుల్ ఉండాలి అంటున్నారు. మాకు ఎఫ్ఎస్ఎస్ఏఐ బేసిక్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ ఉన్నాయి. ముందు ఏది మొదలుపెట్టాలి? సీసాలు కొనేయమంటారా?

జవాబు:

సీసాలు ఇప్పుడే కొనకండి. లేబుల్ అసలే ప్రింట్ చేయించకండి. గుంటూరులో మాది చిన్న యూనిట్, పచ్చళ్ళు, పొడులు బయటికి పంపుతుంటాం, కాబట్టి మీరు ఏ వరసలో వెళ్తే డబ్బూ సరుకూ పాడవకుండా ఉంటాయో చెప్తాను.

మొదటి మాట, ఆ మిరప్పొడిని ఈ షిప్‌మెంట్ నుంచి తీసేయండి. డిస్ట్రిబ్యూటర్‌కి చెప్తే ఒప్పుకుంటారు, రెండో షిప్‌మెంట్‌లో పంపుతామనండి. ఎందుకంటే పచ్చడి వ్యవసాయ, ఆహార ఎగుమతులు చూసే ప్రభుత్వ సంస్థ అపెడా కిందికి వస్తుంది, మిరప్పొడి స్పైసెస్ బోర్డు కిందికి వస్తుంది. రెండిటికీ వేర్వేరు రిజిస్ట్రేషన్లు, వేర్వేరు పరీక్షలు, వేర్వేరు ఎదురుచూపులు. మిరప, మిరప ఉత్పత్తులకి ఎరుపు కోసం కల్తీ చేసే సుడాన్ రంగులు, బూజు వల్ల వచ్చే విషం అఫ్లాటాక్సిన్, వీటి పరీక్ష స్పైసెస్ బోర్డు తప్పనిసరి చేసింది. సరుకు సిద్ధమయ్యాక శాంపిల్ తీస్తారు, రిపోర్ట్ వచ్చాకే కదులుతుంది. గుంటూరులోనే బోర్డు ల్యాబ్ ఉంది కాబట్టి మనకి దూరం సమస్య కాదు. కానీ ఆ రిపోర్ట్ ఒక వారం ఆలస్యమైతే సిద్ధంగా ఉన్న మీ 960 సీసాల పచ్చడి కూడా దాంతోపాటే గోడౌన్‌లో కూర్చుంటుంది. ఒకే ఇన్‌వాయిస్‌లో ఉన్న సరుకులో ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి.

ఇక లైసెన్సులు, ఇవి త్వరగా చెప్పేస్తాను. బేసిక్ రిజిస్ట్రేషన్ మీద ఎగుమతి కుదరదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ సెంట్రల్ లైసెన్స్ తీసుకోవాలి, ఏడాదికి ఫీజు ₹7,500. పచ్చడి చేసే చోటు ఇంటి వంటగదే అయితే ముందు దాన్ని విడిగా ఒక గదిగా మార్చుకోండి, నీటి పరీక్ష రిపోర్ట్, గది ప్లాన్ అడుగుతారు. ఎగుమతిదారు నంబర్ ఐఈసీని విదేశీ వాణిజ్య శాఖ డీజీఎఫ్‌టీ సైట్‌లో ₹500 కట్టి మీరే తీసుకోవచ్చు, ఏజెంట్ అక్కర్లేదు. అది వచ్చాక అపెడా రిజిస్ట్రేషన్, కస్టమ్స్‌లో నమోదుకి బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్, జీఎస్టీ కట్టకుండా పంపడానికి ఎల్‌యూటీ అనే హామీపత్రం. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి, ఈలోపు అసలు పని చేసుకోవచ్చు.

అసలు పని లేబుల్ దగ్గర మొదలవుతుంది. చాలామంది దాన్ని చివర్న ప్రింటింగ్ ప్రెస్ పనిలా చూస్తారు. కానీ దుబాయ్‌లో ఆహారపదార్థం దిగాలంటే అక్కడి ఇంపోర్టర్ ఆ లేబుల్‌ని ముందే దుబాయ్ మునిసిపాలిటీ వ్యవస్థలో నమోదు చేయించాలి. అంటే మీ సీసా మీద ఏ పేరు, ఏ దినుసులు, ఏ బరువు, ఏ చిరునామా ఉంటాయో అవి అక్కడ ముందే రికార్డయిపోతాయి. తర్వాత హెల్త్ సర్టిఫికెట్, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ అన్నీ ఆ పేరుతోనే, ఆ మాటలతోనే రావాలి. అందుకే ముందు లేబుల్ డ్రాఫ్ట్ చేసి డిస్ట్రిబ్యూటర్‌కి పంపి, వాళ్ళు ఒప్పుకున్నాక మిగతావి కదపాలి. అరబిక్ అనువాదం కూడా వాళ్ళ చేతే చేయించండి. అది స్టిక్కర్‌గా అతికించినా నడుస్తుంది, కానీ తయారీ తేదీ, ఎక్స్‌పైరీ తేదీ మాత్రం స్టిక్కర్ మీద ఉండకూడదు. మీ దగ్గరే సీసా మీద నేరుగా ప్రింట్ అయి ఉండాలి. పైన అతికించిన తేదీని చూస్తే తేదీ మార్చారనే అనుమానిస్తారు. తేదీ వేశాక బొటనవేలికి కొంచెం నూనె రాసుకుని దాని మీద రుద్ది చూడండి. పచ్చడి సీసాలు ఎంత తుడిచినా నూనె తగులుతుంది, మామూలు సిరా అయితే పెట్టెలోనే చెరిగిపోతుంది. చెరిగితే ఇంకు మార్పించండి, లేదా ఎప్పుడూ నూనె తగలని చోట, సీసా అడుగున వేయించండి.

దినుసుల జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలి. దీనికి మీ అమ్మగారి కొలతలు గిద్దెలూ సోలలూ అయితే ఒకసారి అన్నీ తూకం వేసి రాసుకోండి. ఆవకాయలో మామిడి ముక్క, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు, వెల్లుల్లి, ఏది ఎన్ని గ్రాములో తెలియకపోతే వరస తప్పుతుంది. న్యూట్రిషన్ పట్టిక కూడా అడుగుతారు. ముఖ్యంగా చూసుకోవాల్సింది ఎలర్జీ దినుసులు, మన పచ్చడిలో ఇవి మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి. మనం పోసేది పప్పునూనె, అంటే నువ్వులు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులు ప్రధాన ఎలర్జీ జాబితాలో ఉన్నాయి. ఆవాలు బ్రిటన్, యూరప్, కెనడా జాబితాల్లో ఉన్నాయి. చెక్క గానుగ వేరుశనగ నూనె వాడితే అది బాగా శుద్ధి చేసిన నూనె కాదు కాబట్టి వేరుశనగ అని రాయాల్సిందే.

గోంగూర తాలింపులో వేసే ఇంగువ సంగతి అసలు ఎవరూ చూడరు. కొట్లో దొరికే ఇంగువ డబ్బా వెనక చదవండి, అది కాంపౌండెడ్ ఇంగువ, చాలావాటిలో మైదా కలిసి ఉంటుంది. అంటే మీ గోంగూర పచ్చడిలో గోధుమ ఉన్నట్టే, గ్లూటెన్ ఉన్నట్టే. లేబుల్ మీద ‘ఇంగువ’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఆ గోధుమ సంగతి కనబడదు, పరీక్షలో బయటపడితే సరుకు వెనక్కి వస్తుంది. అంతకంటే ముందు, అది పడనివాళ్ళు ఎవరైనా తింటే ప్రమాదం. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, దానికి మారడం తేలిక. దుబాయ్ కోసమే రాస్తున్నా సరే, నువ్వులు, ఆవాలు, వేరుశనగ, గోధుమ, వీటిలో ఏది ఉన్నా జాబితాలో దళసరి అక్షరాల్లో కనపడేలా రాయండి. రేపు లండన్ నుంచి ఆర్డర్ వస్తే లేబుల్ మళ్ళీ మార్చే పని ఉండదు.

ఒక హెచ్చరిక. ముందుముందు మసాలా పొడులు పంపుదామనుకుంటే గసగసాలు ఉన్నది ఏదీ యూఏఈకి పంపకండి, శాంపిల్‌గా కూడా వద్దు, తెలిసినవాళ్ళ బ్యాగులో కూడా వద్దు. అక్కడ గసగసాలు నిషేధం, తెచ్చినవాళ్ళు మత్తుపదార్థాల కేసులో ఇరుక్కుంటారు.

లేబుల్ మీద ‘షుగర్‌కి మంచిది’, ‘జీర్ణశక్తి పెంచుతుంది’ లాంటి మాటలు పెట్టకండి. రుజువులు అడుగుతారు, నమోదు ఆగిపోతుంది. పేరు సూటిగా ఉండాలి. ‘అమ్మమ్మ స్పెషల్’ అని పెద్దక్షరాల్లో పెట్టుకోండి తప్పులేదు, కింద మాత్రం ‘నువ్వుల నూనెలో మామిడి పచ్చడి’ అని అది ఏమిటో ఇంగ్లిష్‌లో, అరబిక్‌లో ఉండాలి.

ఇప్పుడు పచ్చడి. ఇక్కడ ఒక విషయం మీకు చాలా డబ్బు ఆదా చేస్తుంది. 600 సీసాల ఆవకాయ అంటే 180 కిలోలు, 360 గోంగూర అంటే 108 కిలోలు. ఈ 180 కిలోలు మీరు ఆరేడు జాడీల్లో, వేర్వేరు రోజుల్లో పెట్టి ఉంటే అవి ఆరేడు బ్యాచ్‌ల కింద లెక్క. ప్రతి బ్యాచ్‌కీ పరీక్ష అడిగే హక్కు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళకి ఉంటుంది. అదే ఊరిన జాడీలన్నిటినీ ఒక శుభ్రమైన స్టీలు టబ్బులో ఒకటిగా కలిపి, ఒకే బ్యాచ్ నంబర్ ఇచ్చి, ఆ కలిపిన దాంట్లోంచే శాంపిల్ పంపితే ఒకే రిపోర్ట్ సరిపోతుంది. అయితే కలిపే ముందు ప్రతి జాడీనీ వాసన చూడండి, పైపొర చూడండి. ఒక్క జాడీకి బూజు పట్టినా, పులిసిన కంపు వచ్చినా అది మొత్తానికి అంటుకుంటుంది. ఏ జాడీ ఏ తేదీన పెట్టారు, కలిపి సీసాల్లో నింపింది ఏ తేదీ, రెండూ రిజిస్టర్‌లో రాసుకోండి. వీటిలో లేబుల్ మీద తయారీ తేదీగా ఏది వేస్తారో డిస్ట్రిబ్యూటర్‌తో ముందే మాట్లాడుకుని అన్ని కాగితాల్లో అదే పెట్టండి. మే నెలలో పెట్టిన ఆవకాయని సెప్టెంబర్‌లో నింపుతున్నప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

మొన్న పెట్టిన పచ్చడి సీసాల్లో నింపకండి. మూడో రోజు తిరగకలిపాక కూడా కొన్నాళ్ళు అది ఊరుతూనే ఉంటుంది, గ్యాస్ వస్తుంది, సీలు వేసిన సీసా మూత ఉబ్బుతుంది. ఉబ్బిన మూత కనబడితే అక్కడ ఇన్‌స్పెక్టర్ ఇంకేమీ చూడడు, పక్కన పెట్టేస్తాడు. నింపబోయే పచ్చడి సిద్ధమైందో లేదో తెలియాలంటే నాలుగు సీసాలు సీలు వేసి వేడిగా ఉండే గదిలో, రేకుల షెడ్డు అయితే మరీ మంచిది, రెండు వారాలు ఉంచండి. మూత పైన వేలితో నొక్కండి. పైకి తన్నినట్టుంటే, లేదా తెరవగానే బుస్సుమంటే, ఇంకా ఆగాలి.

ల్యాబ్‌కి పంపే ముందు మీరే పీహెచ్ చూసుకోండి, చిన్న మీటర్ కొనుక్కుంటే చాలు. 4.6 అనేది గీత. దాని కింద ఉంటే బోట్యులిజం అనే ప్రాణాంతక ఆహారవిషం కలిగించే బ్యాక్టీరియా పెరగదు, పచ్చళ్ళ విషయంలో చాలా దేశాలు చూసే గీత అదే. మామిడి, గోంగూర పుల్లగానే ఉంటాయి కాబట్టి మొత్తంగా బాగా కిందే వస్తుంది. కానీ గోంగూరలో వెల్లుల్లి రెబ్బలు ఎక్కువ వేస్తారుగా, వెల్లుల్లి పుల్లది కాదు, రెబ్బ లోపలిదాకా పులుపు దిగడానికి సమయం పడుతుంది. పైన నూనె ఉంటే గాలి తగలదు, ఆ బ్యాక్టీరియాకి కావలసింది అదే. కాబట్టి చూసే పద్ధతి ఇది. సీసాలోని నూనె వంచేసి, ముక్కలూ రెబ్బలూ కలిపి మెత్తగా రుబ్బి, అప్పుడు మీటర్ ముంచండి. నూనెతో ముంచితే మీటర్ కొనకి నూనె పొర పట్టి తప్పు అంకె చూపిస్తుంది. తర్వాత రెబ్బలు విడిగా ఏరి, నలిపి మరోసారి చూడండి. రెబ్బల అంకె ఎక్కువగా ఉంటే పచ్చడిని ఇంకొన్నాళ్ళు ఊరనివ్వండి, లేదా వెల్లుల్లిని ముద్దగా నూరి వేయండి.

పచ్చడిలో పడే కారం సంగతి కూడా ఇక్కడే. మిరప్పొడి విడిగా పంపడం లేదు కదా అని కారాన్ని వదిలేయకండి, పచ్చడి పరీక్షలోనూ సుడాన్ రంగులు, అఫ్లాటాక్సిన్ చూస్తారు. బజార్లో ఆడించి అమ్మే కారం వాడకండి. మిర్చి యార్డు నుంచి కాయ కొనండి, తొడిమ తీయించి, తాలు కాయ ఏరించి, మీ కళ్ళముందు ఆడించుకోండి. కాయ కొనేటప్పుడు నాలుగైదు విరిచి లోపల చూడండి, గింజ చుట్టూ నల్లటి పొడి, బూడిదరంగు బూజు ఉంటే అది కళ్ళంలో తడిసిన కాయ. పైకి ఎర్రగానే కనబడుతుంది, అఫ్లాటాక్సిన్ వచ్చేది దాంట్లోంచే. ఆడించాక దాన్ని పోగొట్టే మార్గం లేదు, వేడి చేసినా పోదు.

ఇప్పుడు సీసాకి వద్దాం. గాజు చూడ్డానికి బాగుంటుంది, నాకూ ఇష్టమే, కానీ తొలి షిప్‌మెంట్‌కి నేను దళసరి పెట్ ప్లాస్టిక్ జార్, మూత కింద మిషన్ వేడితో అంచుకి అతికే రేకు, అంటే ఇండక్షన్ సీల్ చెప్తాను. కారణం బరువు ఒక్కటే కాదు. గాజు సీసాల ట్విస్ట్ మూత గట్టిగా పట్టుకునేది లోపలి వ్యాక్యూమ్ వల్ల, వ్యాక్యూమ్ వచ్చేది వేడివేడిగా నింపితే. మన పచ్చడి చల్లగా నింపుతాం, వ్యాక్యూమ్ రాదు, ఒట్టి రబ్బరు పొర మీదే ఆధారపడాలి. కంటైనర్ ఎండలో వేడెక్కితే నూనె వ్యాకోచిస్తుంది. 25 డిగ్రీల నుంచి 55కి వెళ్తే సుమారు రెండు శాతం, ఆ నూనె మూత మరల్లోంచి మెల్లగా పైకి వస్తుంది. అందుకే ఏ జార్ అయినా మూతికి ఒక సెంటీమీటర్ ఖాళీ వదలండి.

ఇండక్షన్ సీల్ కొనేటప్పుడు జార్ ఏ ప్లాస్టిక్కో చెప్పి కొనండి. పెట్‌కి అతికే రేకు వేరు, హెచ్‌డీపీఈకి అతికేది వేరు. తప్పు రేకు వేస్తే మిషన్ మీద అతికినట్టే ఉంటుంది, తర్వాత చల్లగా ఊడొస్తుంది. ఒక సీసా తెరిచి రేకు పీకి చూడండి. బలంగా లాగాల్సి వచ్చి, రేకు చిరిగి, జార్ అంచు చుట్టూ దాని ముక్కలు మిగిలితే బాగా అతికినట్టు. కాగితంలా శుభ్రంగా లేచి వస్తే అతకలేదు. చాలాసార్లు తప్పు రేకుది కాదు, అంచు మీద పడ్డ నూనెది. నూనె ఉన్నచోట రేకు పట్టదు, కంటికి కనపడనంత పలుచగా ఉన్నా సరే.

దీనికి మా యూనిట్‌లో చేసే పద్ధతి చెప్తాను. మెడ కిందికి దిగే గొట్టం ఉన్న స్టీలు గరాటుతో నింపుతాం, దాన్ని నిలువుగా పైకి తీస్తాం, అంచుకి తగలనివ్వం. నింపిన జార్లని మూత వదులుగా పెట్టి ఒక రాత్రి వదిలేస్తాం. పొద్దుటికి ముక్కలు నూనె పీల్చుకుని మట్టం దిగుతుంది, పైన ముక్కలు తేలి పొడిగా కనిపిస్తాయి. అప్పుడు పైన నూనె పోసి ముక్క మునిగేలా చేస్తాం. ఈ రాత్రి ఆగకుండా సీలు వేస్తే ఆ పొడి ముక్కలకే దారిలో బూజు పడుతుంది. తర్వాత అంచుని పొడి టిష్యూతో ఒక చుట్టు తుడిచి ఆ టిష్యూ పారేస్తాం, ఇంకో కొత్తదానితో రెండో చుట్టు. ఒకే గుడ్డతో పది సీసాలు తుడిస్తే మొదటి సీసా నూనె పదో సీసాకి పూసినట్టే అవుతుంది. తుడిచిన వెంటనే సీలు.

ప్యాకింగ్ పరీక్ష మొత్తం ఆర్డర్‌కి ముందు ఒక పెట్టెతో చేయండి. 24 జార్లు సీలు వేసి, తలకిందులుగా తెల్ల కాగితం మీద ఎండ తగిలే చోట రెండు రోజులు పెట్టండి. ప్రతి జార్ కింద కాగితం చూడండి, నూనె మచ్చ వస్తే ఎక్కడ వచ్చిందో గమనించండి. మచ్చ అన్ని జార్లకీ అంచు మీద ఒకే చోట వస్తుంటే అది సీలింగ్ హెడ్డు సమస్య, ఎక్కడపడితే అక్కడ వస్తుంటే తుడవడంలో లోపం. అది దాటాక అదే 24 జార్లని అయిదు పొరల అట్టపెట్టెలో, మధ్యలో అట్ట గదులు పెట్టి, ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్ పంపి వెనక్కి తెప్పించుకోండి. లారీలో, డిపోలో, చేతుల్లో పడే దెబ్బలన్నీ దానికి తగులుతాయి. ఒక్క జార్ కారినా పెట్టె అట్ట నూనె పీల్చి మెత్తబడుతుంది, మెత్తబడ్డ పెట్టె కింద వరసలో ఉంటే పైనున్నవన్నీ ఒరుగుతాయి.

మీ లెక్క చూద్దాం. పెట్టెకి 24 చొప్పున ఆవకాయ 25 పెట్టెలు, గోంగూర 15, మొత్తం 40. పెట్టెలో నికర బరువు 7.2 కిలోలు. జార్, మూత కలిపి 40 గ్రాములు, పెట్టె 600 గ్రాములు అనుకుంటే ఒక్కో పెట్టె దాదాపు 8.8 కిలోలు, మొత్తం 352 కిలోలు. నికరం 288. ఈ అంకెలు ఊహించి రాయకండి, నింపిన పెట్టెల్ని నిజంగా తూచి రాయండి, ప్యాకింగ్ లిస్ట్‌లో, హెల్త్ సర్టిఫికెట్‌లో అవే వెళ్తాయి. ఇది ఒక క్యూబిక్ మీటర్ లోపే ఉంటుంది, ఇతరుల సరుకుతో కంటైనర్ పంచుకునే ఎల్‌సీఎల్‌లో ఎలాగూ కనీసం ఒక క్యూబిక్ మీటర్‌కి కట్టించుకుంటారు, చెన్నై నుంచి దుబాయ్ రేవు జెబెల్ అలీకి ఓడలో పంపండి. విమానంలో ఈ బరువుకి లాభం మిగలదు. చెక్క ప్యాలెట్ వేస్తే దాని మీద హీట్ ట్రీట్‌మెంట్ ముద్ర ఉండాలి, అంటే చెక్క లోపలిదాకా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచినట్టు చెప్పే గోధుమ కంకి గుర్తు. ముద్ర లేని ప్యాలెట్ చవగ్గా ఇస్తామంటారు, తీసుకోకండి, ప్లాస్టిక్ ప్యాలెట్ అయితే ఈ గొడవే లేదు.

ఇక అందరికీ టెన్షన్ పెట్టే హెల్త్ సర్టిఫికెట్. ముందుగా చెప్పాల్సింది, ఇది మీ కంపెనీకి ఒకసారి ఇచ్చి గోడకి తగిలించుకునే కాగితం కాదు. ప్రతి షిప్‌మెంట్‌కీ విడిగా ఇస్తారు. పచ్చళ్ళకి ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ నుంచి తీసుకోవాలి. ప్రైవేటు ల్యాబ్ రిపోర్టునే హెల్త్ సర్టిఫికెట్ అని చెప్పి అమ్మేవాళ్ళు ఉన్నారు, దుబాయ్‌లో అది చెల్లదు, మూలదేశపు ప్రభుత్వ సంస్థ ఇచ్చిందే కావాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ కూడా దీనికి బదులు కాదు. ఎండుమిరపకాయ లాంటివాటికి అడిగే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఇంకోటి, అది మొక్కల తెగుళ్ళ కోసం. పచ్చడికి మామూలుగా దాని అవసరం రాదు, ఏజెంట్ దానికీ డబ్బు అడిగితే ఎందుకో చెప్పమనండి.

సర్టిఫికెట్‌లో సరుకు పేరు, బ్యాచ్, తేదీలు, పెట్టెల సంఖ్య, బరువు, తయారీదారు చిరునామా, కొనేవాళ్ళ పేరు, ఇన్‌వాయిస్ వివరాలు ఉంటాయి. అంటే సీసాలు నింపి, బ్యాచ్ నంబర్ వేసి, ల్యాబ్ రిపోర్ట్ చేతికొచ్చి, ఇన్‌వాయిస్ సిద్ధమయ్యాకే దరఖాస్తు అర్థవంతంగా ఉంటుంది. సరుకు మీ దగ్గర ఉండగానే తీసుకోవాలి, ఓడెక్కాక అడిగితే ఎవరూ ఇవ్వరు, చూడ్డానికి సరుకే ఉండదు. శాంపిల్ ఏ ల్యాబ్‌కి ఇవ్వాలో ఏజెన్సీని ముందే అడగండి. వాళ్ళు ఆమోదించని ల్యాబ్‌లో చేయిస్తే ఆ ఖర్చు మళ్ళీ పెట్టాలి. ఏయే పరీక్షలు కావాలో డిస్ట్రిబ్యూటర్ చేత మెయిల్‌లో రాయించుకోండి. సూక్ష్మజీవుల పరీక్షలు కల్చర్ పెరిగేదాకా ఆగాలి, తొందరపెట్టినా పెరగవు. ల్యాబ్‌కి రెండు వారాలు వదిలేసి ఓడ బుక్ చేసుకోండి.

సర్టిఫికెట్ ఎక్కడ పనికిరాకుండా పోతుందో మా పక్కనే చూశాను. ఒకాయన గోంగూర పంపారు, సరుకు నిక్షేపంగా ఉంది. సీసా మీద ‘గోంగూర పికిల్’ అని ఉంది. ఇన్‌వాయిస్ రాసిన అకౌంటెంట్ ‘సారెల్ లీవ్స్ పికిల్’ అని వేశాడు, ప్యాకింగ్ లిస్ట్‌లో ‘అసార్టెడ్ పికిల్స్’ అని వచ్చింది, హెల్త్ సర్టిఫికెట్ ఇన్‌వాయిస్ చూసి తయారైంది. బ్యాచ్ నంబర్‌లో సీసా మీద మధ్యలో గీత ఉంది, సర్టిఫికెట్‌లో గీత లేదు. అక్కడ కౌంటర్‌లో కూర్చున్న మనిషికి గోంగూర అంటే తెలియదు, ఆ కాగితం ఈ సీసాదేనని ఎలా ఒప్పుకుంటాడు? సవరించిన సర్టిఫికెట్ ఇక్కణ్ణుంచి వెళ్ళేదాకా సరుకు గోడౌన్‌లో అద్దె కట్టుకుంటూ ఆగింది. ఆలోపు అమ్మకానికి మిగలాల్సిన ఎక్స్‌పైరీ గడువు కూడా తగ్గింది. అక్కడి షాపులు గడువు సగం అయిపోయిన సరుకు తీసుకోవు.

కాబట్టి ఇన్‌వాయిస్ మీరే రాయండి. లేబుల్ ఫైల్ తెరిచి పక్కన పెట్టుకుని అందులోంచి పేరు కాపీ చేసి అతికించండి, చేత్తో కొట్టకండి. సర్టిఫికెట్ డ్రాఫ్ట్ రాగానే ఒక నిజమైన సీసా చేతిలో పట్టుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి. పేరు, బ్యాచ్, రెండు తేదీలు, పెట్టెల సంఖ్య, నికర బరువు, చిరునామాలో డోర్ నంబర్. ఆ డ్రాఫ్ట్‌ని డిస్ట్రిబ్యూటర్‌కీ పంపి ‘సరే’ అనిపించుకున్నాకే ఫైనల్ చేయించండి.

దీంతోపాటు ఒకటి అడగండి. భారత్–యూఏఈ ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది, దాని కింద మూలదేశ ధ్రువపత్రం ఉంటే అక్కడి దిగుమతి సుంకంలో రాయితీ వస్తుంది. ఆ కాగితం మీరు ఇక్కణ్ణుంచి ఇస్తే లాభం వాళ్ళది, రేటు మాట్లాడేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ఈ రోజు మీరు చేయాల్సింది డిస్ట్రిబ్యూటర్‌కి ఒక మెయిల్. మిరప్పొడి రెండో షిప్‌మెంట్‌లో అని చెప్పండి, లేబుల్ నమోదు వాళ్ళు చేయిస్తారా, ఎన్నాళ్ళు పడుతుంది, ఏ పరీక్షలు కావాలి, సరుకు చేరేసరికి ఎంత గడువు మిగిలి ఉండాలి అని అడగండి. జవాబులు వచ్చాక లేబుల్ డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. నింపే రోజున మాత్రం ప్రతి బ్యాచ్ నుంచి అరడజను సీసాలు తేదీతో సహా పక్కన పెట్టి ఎక్స్‌పైరీ అయ్యేదాకా ఉంచండి. అక్కణ్ణుంచి ఏదైనా ఫిర్యాదు వస్తే తెరిచి చూడడానికి మీ దగ్గర ఉండేది అవే.